నల్లబడిన ప్లగ్గు ఫొటో ఒక్కటే వస్తే ఏం రాయాలి?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది రాయగడ. ఇంటి సామాన్లు అమ్మే షాపులో సర్వీస్ కౌంటర్ చూస్తాను. కస్టమర్ల మెయిల్స్‌కి జవాబు రాసేది కూడా నేనే. నిన్న ఒక మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ లేదు, పేరు లేదు, ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇండక్షన్ స్టవ్, పక్కన నల్లబడిన ప్లగ్గు ఉన్న ఫొటో మాత్రం పెట్టారు. మా దగ్గర రెడీగా ఉండే జవాబులో ‘మోడల్ నంబరు, బిల్లు నంబరు, కొన్న తేదీ, సమస్య వివరాలు తెలపండి’ అని ఉంటుంది. అది పంపితే చాలామంది మళ్లీ రాయరు. ఏమీ చెప్పని మనిషికి మెత్తగా, పనికొచ్చేలా ఎలా రాయాలి? ఆ ఫొటో మీకు జతచేస్తున్నాను. – ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు:

అమ్మా, ఆ మెయిల్‌కి ఇంకా ఏమీ రాయకపోతే మిగతాది తర్వాత చదువుకోండి. ముందు ఈ రెండు వాక్యాలు పంపేయండి: ‘మీ ఫొటో చూశామండి. మేము చెప్పేదాకా ఆ స్టవ్‌ను గానీ, అది పెట్టిన ప్లగ్ పాయింటును గానీ దేనికీ వాడకండి.’ పాడైన మిక్సీ జార్ ఫొటోకి రేపు జవాబిచ్చినా నష్టం లేదు. కాలిన ప్లగ్గు ఫొటోకి మాత్రం వివరాలన్నీ తెలిశాక రాద్దాం అని ఆగకూడదు. ఆ ఇంట్లో ఈ రాత్రి వంట చేయాలి కదా. స్టవ్ ఇంకా పనిచేస్తూ ఉంటే, ప్లగ్గుకి ఇంకో చోటు వెతుక్కుని మళ్లీ పెట్టేస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ రెడీమేడ్ జవాబుకి చాలామంది తిరిగి రాయకపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. ఫొటో ఒక్కటే పంపిన మనిషి రాయడానికి ఇష్టపడని మనిషో, రాయడం కష్టమైన మనిషో అయి ఉంటారు. వాళ్లకి తెలిసిన దారిలో వాళ్లు చెప్పాల్సింది చెప్పేశారు: ‘ఇదిగో, ఇలా అయింది.’ దానికి మనం నాలుగు గడుల ఫారం చేతిలో పెడితే, మన దగ్గర ఎవరూ ఫొటో తెరిచి కూడా చూడలేదని అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు లేదు, ఎందుకంటే ఆ జవాబు ఫొటో తెరవకుండానే పంపవచ్చు. కాబట్టి మీరు రాసే మొదటి వాక్యంలోనే ఫొటో చూసినవాళ్లకి మాత్రమే తెలిసే మాట ఒకటి ఉండాలి. ఆ మాట దొరకాలంటే టైప్ చేసే ముందు ఫొటోని పెద్దది చేసుకుని నిదానంగా చూడాలి.

మీరు పంపిన ఫొటోలో నాకు కనిపించింది చెబుతాను. ప్లగ్గు నల్లటిది, తీగతో కలిపి ఒకే ముద్దగా పోత పోసింది. పైన పొడుగ్గా, లావుగా ఉన్నది ఎర్త్ పిన్ను. అది శుభ్రంగా మెరుస్తోంది. కింద ఉన్న రెండింటిలో ఒకటి మాత్రం మొదట్లో, అంటే ప్లాస్టిక్‌ను కలిసే చోట, గోధుమ రంగుకి తిరిగింది. దాని చుట్టూ ప్లాస్టిక్ కాస్త ఉబ్బి, నునుపు పోయింది. తీగ ప్లగ్గులోకి దూరే వెనక భాగం మామూలుగానే ఉంది. స్టవ్ పైన ఉండే గాజు పలకకి పగులు లేదు. ఫొటో మూలలో తెల్లటి ఎక్స్‌టెన్షన్ బాక్సు అంచు కనిపిస్తోంది.

ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సు దగ్గరే చాలామంది తొందరపడతారు. ‘ఓహో, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టారన్నమాట, వాళ్లదే తప్పు’ అనేస్తారు. ఆ బాక్సు ఫోన్ చార్జింగ్‌ కోసం ఉండొచ్చు, ఫొటో తీసే ముందు పక్కకి నెట్టినదీ కావొచ్చు. ఈ ప్లగ్గు అందులోనే పెట్టారనడానికి ఫొటోలో ఆధారం లేదు. ఇంకొక తొందరపాటు, ‘కాలింది ఫేజ్ పిన్ను, కాబట్టి లోపల షార్ట్ అయింది’ అనుకోవడం. ఫేజ్‌లో ఎంత కరెంటు వెళ్తుందో న్యూట్రల్‌లో అంతే తిరిగొస్తుంది. రెండింటిలో ఏది కాలినా ఆ వైపు ఎక్కడో పట్టు వదులైందని అర్థం, అంతే. దాన్ని బట్టి స్టవ్ లోపల ఏం జరిగిందో చెప్పలేం.

పట్టు వదులవడం అన్నాను కదా, అదేమిటో కొంచెం వివరంగా చెబుతాను. ఇది తెలిస్తే మెయిల్‌లో ఏది ముందు రాయాలో మీకే తెలుస్తుంది. ఇండక్షన్ స్టవ్‌లు చాలావరకు పూర్తి మంటలో 2000 వాట్ల దాకా తీసుకుంటాయి. 230 వోల్టుల దగ్గర అది సుమారు 8.7 ఆంపియర్లు. మన ఇళ్లలో చిన్న ప్లగ్ పాయింటు 6 ఆంపియర్లది, అంటే 1380 వాట్ల వరకే దాని సత్తా. పెద్ద పాయింటు 16 ఆంపియర్లది. ప్లగ్గు ఏ రకమో పిన్నుల లావు చూసి చెప్పవచ్చు. చిన్నదానికి కింది రెండు పిన్నులు సుమారు 5 మిల్లీమీటర్ల లావు ఉంటాయి, పెద్దదానికి సుమారు 7 మిల్లీమీటర్లు. మీ ఫొటోలో ఉన్నది పెద్ద ప్లగ్గే. కంపెనీ సరైన ప్లగ్గే ఇచ్చింది. మరి అది దేనిలోకి వెళ్లింది అన్నదే ప్రశ్న.

సాకెట్ లోపల ఇత్తడి రేకులు స్ప్రింగులాగా పిన్నును రెండు వైపులా పట్టుకుంటాయి. ఆ పట్టు గట్టిగా ఉన్నంతకాలం కరెంటు ఇబ్బంది లేకుండా దాటుతుంది. రేకు వదులైతే పిన్నును అక్కడక్కడ మాత్రమే తాకుతుంది. ఆ చిన్న చోటులోంచే కరెంటంతా దూరాలి కాబట్టి అక్కడ వేడి పుడుతుంది. ఉదాహరణకి, ఆ వదులు చోట అర ఓమ్ నిరోధం ఉందనుకోండి. 8.7 ఆంపియర్లు దాటితే అక్కడ దాదాపు 38 వాట్ల వేడి వస్తుంది. మీ వర్క్‌షాపులో సర్క్యూట్ బోర్డులు అతికే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది అయినా సీసం కరిగిస్తుంది. అంతకంటే ఎక్కువ వేడి ఆ ప్లాస్టిక్ ముద్ద లోపల, అన్నం ఉడికినంతసేపూ ఉంటుంది. వేడికి రేకు మెత్తబడి పట్టు ఇంకా వదులవుతుంది, మెరిసే లోహం మీద నల్లటి పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. అంటే ఇది మొదలైతే తనంతట తాను తగ్గదు. రోజురోజుకీ ముదురుతుంది.

దీన్ని ఎంసీబీ ఆపుతుందని ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉంటారు. ఆపదు. ఎంసీబీ చూసేది కరెంటు హద్దు దాటిందా అన్నది. ఇక్కడ కరెంటు హద్దులోనే ఉంది, స్టవ్ తనకి కావలసినంతే తీసుకుంటోంది. భూమిలోకి కరెంటు లీకైతే పడిపోయే బ్రేకర్ కూడా దీన్ని పట్టుకోదు, ఎందుకంటే లీకు లేదు. అందుకే ప్లగ్గు కాలుతున్నా స్టవ్ చక్కగా పనిచేస్తూ ఉంటుంది, ఇంట్లో దీపాలు వెలుగుతూ ఉంటాయి. వాసన వచ్చేదాకానో, పిన్ను తీస్తుంటే చేయి చురుక్కుమనేదాకానో ఎవరికీ తెలియదు.

ఇక జవాబులో ముందు రాయాల్సింది వాడకం ఆపమని. అది కూడా రెండు వైపులా ఆపాలి. ఒకటి, కాలిన ప్లగ్గును ఇంకో సాకెట్లో పెట్టకూడదు. నల్లబడిన పిన్ను మంచి సాకెట్లో కూడా సరిగ్గా తాకదు, ఆ రేకులను కూడా వేడెక్కించి పాడుచేస్తుంది. రెండు, ఆ పాత సాకెట్లో ఫ్రిజ్, మిక్సీ లాంటివేవీ పెట్టకూడదు. జనం సాధారణంగా చేసేవి సరిగ్గా ఈ రెండే. ‘ఇక్కడ పనిచేయట్లేదు, అక్కడ పెట్టి చూద్దాం’ అనుకోవడం సహజం. మన సర్వీస్ వాళ్ల అలవాటు మాట కూడా అదే కదా, ‘వేరే ప్లగ్ పాయింటులో పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి.’ వేరే ఫొటోలకి ఆ సలహా మంచిదే. ఈ ఫొటోకి దాన్ని రాయకూడదు. పిన్నును ఇసుక కాగితంతో రుద్దమని, టేపు చుట్టమని, స్క్రూ విప్పి చూడమని కూడా వద్దు.

ఒకవేళ ప్లగ్గు ఇంకా సాకెట్‌లోనే అతుక్కుని ఉంటే సంగతి వేరు. కరిగిన ప్లాస్టిక్ లాగితే విరిగి, లోపలి లోహం బయటపడుతుంది. అప్పుడు మెయిన్ ఆపకుండా దాన్ని ముట్టుకోకూడదు. మీ ఫొటోలో ప్లగ్గు బయటే ఉంది కాబట్టి ఈ మాట రాయనక్కర్లేదు. రాస్తే లేని భయం పెట్టినట్టవుతుంది. ఫొటో చూసి రాయడంలో ఉన్న లాభం ఇదే, అక్కర్లేనివి వదిలేయవచ్చు.

తర్వాత అడగవలసింది. ఇక్కడ మీరు ఎంత తక్కువ అడిగితే అంత మంచిది. బిల్లు నంబరు, కొన్న తేదీ మీ షాపు రికార్డులోనే దొరుకుతాయి, సీరియల్ నంబరు ఒక్కటి ఉంటే చాలు. ‘సమస్య వివరించండి’ అన్నది తీసేయండి, ఫొటోలో వివరం ఉంది. నిజంగా తెలియాల్సింది ఒక్కటే: ఆ ప్లగ్గు పెట్టిన సాకెట్ ముఖం ఎలా ఉంది? వాళ్లు ఫొటోతో మాట్లాడారు కాబట్టి మనం కూడా ఫొటోనే అడగాలి. రెండు ఫొటోలు చాలు, సాకెట్‌ది ఒకటి, స్టవ్ అడుగున ఉన్న స్టిక్కర్‌ది ఒకటి. స్టిక్కర్ మీద మోడల్, సీరియల్ నంబరు, వాట్లు అన్నీ ఉంటాయి. వాళ్లు ఒక్క అక్షరం టైప్ చేయకుండానే మీ ఫారం మొత్తం నిండుతుంది.

సాకెట్ ఫొటో ఎందుకంత ముఖ్యమో చెబుతాను. సాకెట్ రంధ్రం చుట్టూ కూడా అదే వైపు గోధుమ మచ్చ ఉంటే, వేడి పుట్టింది సాకెట్ పట్టు దగ్గర. స్టవ్‌లో లోపం ఉండకపోవచ్చు. సాకెట్ తెల్లగా, శుభ్రంగా ఉండి ప్లగ్గు మాత్రమే ఉబ్బితే, లోపల పిన్నుకీ తీగకీ వేసిన జోడింపు వదులై ఉండే అవకాశం ఎక్కువ. పోత పోసిన ప్లగ్గులో ఆ జోడింపు వాడేవాళ్ల చేతిలో ఉండదు. అది తయారీ లోపం కింద చూడాల్సిన విషయం. ప్లగ్గు వెనక, తీగ దూరే చోట కాలి ఉంటే లోపలి తీగ పోగులు తెగాయని అనుకోవచ్చు. మీ ఫొటోలో ఆ చోటు బాగుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. చూశారా, వాళ్లని దోషిని చేస్తామా, కంపెనీ బాధ్యత తీసుకుంటుందా అన్నది ఆ ఒక్క సాకెట్ ఫొటో మీద ఆధారపడి ఉంది. అది చూడకుండా ఏ వైపూ ఒక్క మాట రాయకూడదు.

ఇప్పుడు భాష. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు ఉన్నవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు గానీ, మెయిల్ రాసేటప్పుడు మరిచిపోతాం. ఇంట్లో మాట తెలుగు, చదువు ఒడియా బడిలో. ‘ఏంటమ్మా, ఎలా ఉన్నావు’ అని చక్కగా మాట్లాడే మనిషికి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాకపోవచ్చు. ఒడియా చదవగలరు, ఇంగ్లీషు కొంచెం. ఆ మెయిల్ ఖాళీగా రావడానికి కారణం అదే అయి ఉండొచ్చు. ఏ లిపిలో రాయాలో తెలియక, ఫొటో పెట్టి పంపేశారేమో. కోపంతో పంపారనో, నిర్లక్ష్యమనో అనుకునే ముందు దీన్ని తలుచుకోండి.

మెయిల్ ఐడీ చూసి భాష ఊహించవద్దు. పేరు చూసి తెలుగువాళ్లా ఒడియావాళ్లా అని తేల్చడం ఈ జిల్లాల్లో తరచూ తప్పుతుంది. జవాబు తెలుగులో ఆరేడు చిన్న వాక్యాలు రాసి, కింద అదే ఒడియాలో పెట్టండి. మీకు ఒడియా రాయడం వస్తే సరే, లేకపోతే కౌంటర్‌లో ఎవరినైనా ఒకసారి రాయించుకుని దాచుకోండి. దీనికి తోడు రెండు పనులు చేయండి. వాళ్లు పంపిన ఫొటోనే తీసుకుని, కాలిన పిన్ను చుట్టూ ఫోన్‌లోనే ఎర్ర గీతతో సున్నా చుట్టి తిరిగి జతచేయండి. షాపులో ఉన్న అలాంటి స్టవ్‌ను తిరగేసి, స్టిక్కర్ ఎక్కడుంటుందో ఫొటో తీసి దాన్నీ పెట్టండి. చదవలేని మనిషికి కూడా ఆ రెండు చూస్తే ఏం అడుగుతున్నారో తెలుస్తుంది. వీలైతే మీ గొంతుతో అరనిమిషం తెలుగులో చెప్పి ఆడియో జతచేయండి. పర్లాకిమిడి అమ్మమ్మకి కూడా అది అందుతుంది.

మీరు పంపవలసిన మెయిల్‌ను నేనైతే ఇలా రాస్తాను. సబ్జెక్ట్ వాళ్లు రాయలేదు కాబట్టి మీరే పెట్టండి: ‘మీ స్టవ్ ప్లగ్గు ఫొటో గురించి’.

‘నమస్కారమండి. మీరు పంపిన ఫొటో చూశాం. ప్లగ్గు కింది రెండు పిన్నుల్లో ఒకటి మొదట్లో వేడికి గోధుమ రంగుకి తిరిగింది, ఎర్ర సున్నా చుట్టి చూపించాం. ఇలా కనిపిస్తే ఎవరికైనా కంగారుగానే ఉంటుంది. వెంటనే ఫొటో పంపి మంచి పని చేశారు.

దయచేసి ఈ స్టవ్‌ను ఇప్పుడు ఏ ప్లగ్ పాయింటులోనూ పెట్టకండి. ఇంతకుముందు పెట్టిన పాయింటు స్విచ్ ఆపి ఉంచండి, అందులో వేరే ఏ సామానూ పెట్టకండి.

మాకు ఇంకో రెండు ఫొటోలు కావాలి. ఒకటి, ప్లగ్గు పెట్టిన పాయింటు, ముందు నుంచి, పగటి వెలుగులో. దూరంగా నిలబడి తీసినా చాలు, ముట్టుకోవద్దు. రెండు, స్టవ్ అడుగున ఉన్న స్టిక్కర్. అది ఎక్కడుంటుందో కింద ఫొటోలో చూపించాం. ఏమీ రాయనక్కర్లేదు, ఫొటోలు పంపితే చాలు. ఫోన్‌లో మాట్లాడటం తేలిక అనుకుంటే మీ నంబరు ఒక్కటి పంపండి, తెలుగులోగానీ ఒడియాలోగానీ మేమే చేస్తాం.’

కింద మీ పేరు పెట్టండి. ‘కస్టమర్ కేర్ టీమ్’ అని వదిలేయకండి. పేరు లేకుండా మెయిల్ పంపిన మనిషికి ఇటువైపు ఒక పేరు కనిపిస్తే, తర్వాత ఫోన్‌లో ‘ఫలానా ఆమె ఉన్నారా’ అని అడగగలరు.

ఇందులో వారంటీ అన్న మాట లేదని గమనించి ఉంటారు. కావాలనే వదిలేశాను. మొదటి మెయిల్‌లో ‘వారంటీ పరిధిలోకి వస్తుందో లేదో పరిశీలిస్తాం’ అని రాస్తే, చదివినవాళ్లకి అది ‘రాదు’ అన్నట్టే వినిపిస్తుంది. ఆ తర్వాత సాకెట్ ఫొటో పంపడానికి భయపడతారు. కొందరు సాకెట్ మార్చేసి కొత్తదాని ఫొటో పంపుతారు. నిజం తెలియాలంటే వాళ్లకి భయం ఉండకూడదు. అలాగే ‘మా ఉత్పత్తి వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న వాక్యం కూడా వద్దు. లోపం ఎక్కడుందో తెలియకముందే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది, రేపు సాకెట్‌దే లోపమని తేలితే మాట మార్చినట్టవుతుంది. ‘కంగారుగా ఉంటుంది’ అనడంలో ఏ చిక్కూ లేదు. అది నిజం, ఎవరి తప్పు అనేదానితో దానికి సంబంధం లేదు.

‘ఎందులో పెట్టారు? కన్వర్టర్ వాడారా?’ అని కూడా అడగలేదు. అడగాల్సిన ప్రశ్నే, కానీ ఫొటో వస్తే అడగనక్కర్లేదు. అదే ప్రశ్న ముందుగా అడిగితే నేరం మోపినట్టుంటుంది.

సాకెట్ ఫొటో వచ్చిందనుకుందాం. ఇలాంటి కేసుల్లో తరచూ కనిపించేది ఇది: గోడకి తెల్లటి బోర్డు, అందులో 6 ఆంపియర్ల పాయింటు, దానికి పెద్ద ప్లగ్గును చిన్న పాయింటులో పెట్టే కన్వర్టర్, దాని మీద ఒక వైపు గోధుమ మచ్చ. అప్పుడు రెండో మెయిల్‌లో నిజాన్ని దాచకుండా, వేలు చూపించకుండా చెప్పాలి. ‘వేడి పుట్టింది ఈ కన్వర్టర్ దగ్గర. ఈ స్టవ్ పూర్తి మంటలో దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది, ఈ పాయింటు 6 ఆంపియర్లది’ అంటే చాలు. ‘మీరు ఇలా పెట్టకూడదు’ అనడం కంటే ‘దీనికి 16 ఆంపియర్ల పాయింటు కావాలి’ అనడం మేలు. పాత ఇళ్లలో వంటగదిలో పెద్ద పాయింటు ఒక్కటి కూడా ఉండదు. స్టవ్ అమ్మిన రోజు మన షాపులోనే ‘మీ వంటగదిలో పెద్ద పాయింటు ఉందా’ అని ఎవరైనా అడిగి ఉంటే ఈ ఫొటో రాకపోయేది. మీ కౌంటర్ నుంచి సేల్స్ వాళ్లకి ఆ మాట చేరవేయండి, ఇది నిజంగా అవసరం.

అదే మెయిల్‌లో ఎలక్ట్రీషియన్‌కి చూపించదగ్గ నాలుగు ముక్కలు కూడా రాయండి. సాకెట్ ముఖం మార్చేస్తే సరిపోదు. 6 ఆంపియర్ల పాయింటుకి వచ్చే తీగ సాధారణంగా 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్లది. పెద్ద పాయింటు పెట్టాలంటే మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 గానీ 4 గానీ చదరపు మిల్లీమీటర్ల తీగ లాగాలి, ఎర్త్ తీగ నిజంగా కలిపి ఉందో లేదో చూడాలి. సన్న తీగ అలాగే ఉంచి పైన 16 ఆంపియర్ల సాకెట్ బిగిస్తే, వేడి సాకెట్ నుంచి గోడ లోపలికి జరుగుతుంది. అప్పుడు అది ఫొటోకి కూడా దొరకదు. ప్లగ్గు, సాకెట్ రెండూ ఐఎస్ఐ గుర్తు ఉన్నవే కొనమనండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పోత ప్లగ్గును కోసేసి కొత్తది బిగించమని మీరు చెప్పే ముందు కంపెనీ వాళ్లని అడగండి. తీగ కోస్తే వారంటీ పోతుందని కొన్ని వారంటీ కార్డుల మీద ఉంటుంది. ఇంటి దగ్గరి ఎలక్ట్రీషియన్ అది చూడకుండా కోసేస్తాడు, తర్వాత స్టవ్‌లో వేరే లోపం వస్తే కస్టమర్ నష్టపోతారు. ‘సాకెట్ పని చేయించుకోండి, ప్లగ్గు మాత్రం మా మనిషి వచ్చి మారుస్తాడు, అప్పటిదాకా కోయించకండి’ అని స్పష్టంగా రాయండి.

సాకెట్ శుభ్రంగా ఉండి, అది 16 ఆంపియర్లదే అయితే మీ జవాబు మారిపోతుంది. అప్పుడు కంపెనీకి మీరే రాయాలి, రెండు ఫొటోలూ జతచేసి, ‘సాకెట్‌లో కాలిన గుర్తు లేదు, ప్లగ్గు లోపలి జోడింపు చూడాలి’ అని. కస్టమర్‌కి ‘ఇది మేము చూడాల్సిన విషయం, తీగతో సహా మార్పించడానికి కంపెనీకి రాశాం’ అని చెప్పండి. సాకెట్ బాగున్నట్టు కనిపించినా లోపలి రేకు వదులై ఉండొచ్చు. ఫొటోలో అది తెలియదు. అందుకే టెక్నీషియన్ వెళ్లినప్పుడు కొత్త ప్లగ్గు ఆ సాకెట్లో పెట్టి, కదిలిస్తే వదులుగా ఊగుతోందా చూడాలి. స్టవ్‌ను పావుగంట నడిపి, ఆపి, ప్లగ్గు తీసి పిన్నులు ముట్టుకుని చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే సాకెట్ కూడా మార్చాలి. ఈ పరీక్ష టెక్నీషియన్ చేయాల్సింది, కస్టమర్‌కి మెయిల్‌లో రాయకండి.

ఫొటో ఏం చెప్పలేదో కూడా గుర్తుంచుకోవాలి. వాసన వచ్చిందా, నిప్పురవ్వ కనిపించిందా, ఎవరికైనా షాక్ కొట్టిందా అన్నవి ఫొటోలో ఉండవు. పసుపు బల్బు వెలుగులో తెల్ల ప్లాస్టిక్ కూడా గోధుమ రంగులో కనిపిస్తుంది, అందుకే పగటి వెలుగు అడిగాను. ఫోన్‌లో మాట్లాడే అవకాశం దొరికితే మొదట అడగాల్సింది షాక్ గురించి. కొట్టిందంటే సంగతి ప్లగ్గుతో ఆగదు, ఎర్తింగ్ దాకా వెళ్తుంది. ఆ ఇంటికి టెక్నీషియన్‌ను ముందు వరసలో పంపాలి.

వేరే ఫొటోలకి ఇదే మెయిల్ అతికించవద్దు. ఉదాహరణకి స్టవ్ తెరమీద ‘E’ పక్కన ఒక అంకె వెలుగుతున్న ఫొటో వస్తే, ఆ అంకెకి అర్థం కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. ఒకరి దగ్గర గిన్నె సరిపడలేదని, ఇంకొకరి దగ్గర వోల్టేజి తగ్గిందని. అక్కడ ముందు కావాల్సింది స్టిక్కర్ ఫొటోనే, మోడల్ తెలియకుండా ఊహించి చెబితే తప్పుతుంది.

జవాబు రాకపోతే ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, ఈ కేసులో అది ముఖ్యం. మామూలు ఫిర్యాదు అయితే కొన్ని రోజులు చూసి మూసేస్తారు. దీన్ని అలా మూయకండి. మర్నాడు ఒక్క వాక్యం పంపండి: ‘స్టవ్ వాడటం ఆపారా అండి? అవును, కాదు అంటే చాలు.’ అదే మెయిల్ ఐడీ మీ షాపు బిల్లుల్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే పక్కన ఫోన్ నంబరు ఉంటుంది, ఆ నంబరుకి ఫోన్ చేయండి. ఎత్తినవాళ్లు ఫొటో పంపిన మనిషి కాకపోవచ్చు. ఇంట్లో మెయిల్ వాడేది కొడుకో కూతురో అయి, వంట చేసేది ఇంకెవరో అయి ఉంటారు. స్టవ్ వాడవద్దన్న మాట వంట చేసే మనిషికి చేరిందా అని నోరారా అడిగి తెలుసుకోండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఆ ఫొటోలు షాపు వాట్సాప్ గ్రూపులో వేయకండి. సాకెట్ ఫొటోలో వెనక దేవుడి పటం, గోడ మీద పిల్లల ఫొటోలు, మందుల చీటీ లాంటివి పడుతుంటాయి. టెక్నీషియన్‌కి పంపేటప్పుడు ప్లగ్గు, సాకెట్ వరకు కత్తిరించి పంపండి. జాబ్ కార్డులో ఆ రెండిటితో పాటు స్టవ్ వాట్లు, సాకెట్ ఎన్ని ఆంపియర్లది, ఇంట్లో మాట్లాడే భాష ఏది అన్నవి రాయండి. గుణుపురం దాకా బస్సెక్కి వెళ్లే టెక్నీషియన్ సంచిలో 16 ఆంపియర్ల ప్లగ్గు, ఆ మోడల్‌కి సరిపడే తీగ, కరెంటు ఉందో లేదో చూసే టెస్టర్ ఉండాలి. లేకపోతే చూసి వచ్చి మళ్లీ వెళ్లాలి, ఆ మధ్యలో ఆ ఇంట్లో స్టవ్ లేకుండానే వండుకోవాలి.